ఇరవై మూడు రోజుల ఆలస్యంలో మీకు పోయిందేమిటి?

వినతిపత్రం

విజయవాడ, 10-1-2025

బీమా సంస్థ ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: వరదలో తడిసిన దుకాణాల క్లెయిములను ఆలస్యంగా తెలిపారన్న ఒక్క కారణంతో తిరస్కరించిన మీ ఉత్తరాలను వెనక్కి తీసుకోవాలని కోరుతూ.

అయ్యా,

మేము అజిత్‌సింగ్‌నగర్‌లో ఒకే వీధిలో ఉన్న తొమ్మిది చిన్న దుకాణాల వాళ్లం. బట్టల కొట్టు, పిండి మర, కిరాణా కొట్టు, రెండు టైలరింగ్ షాపులు, ఇంకా ఇలాంటివే. అందరికీ ఒకే బ్యాంకులో అప్పు ఉంది. ఆ అప్పుతో పాటే మీ సంస్థ షాప్‌కీపర్స్ పాలసీ వచ్చింది. ఏటా ప్రీమియం మా ఖాతాల్లోంచి దానంతటదే కట్ అవుతుంది. ఈ పత్రం రాస్తున్న నేను ఆ తొమ్మిది కొట్లకూ లెక్కలు రాసేవాణ్ణి, కాబట్టి ఇందులోని అంకెల బాధ్యత నాది.

డిసెంబరు 4న మాకు తొమ్మిది ఉత్తరాలు వచ్చాయి. పేరూ పాలసీ నంబరూ తప్ప అక్షరం తేడా లేదు. నష్టం సెప్టెంబరు 1న జరిగింది, మీకు తెలిపింది సెప్టెంబరు 24న, పాలసీ షరతు ప్రకారం వెంటనే తెలపాలి, పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా క్లెయిమ్ ఇవ్వాలి, ఇవ్వలేదు గనుక క్లెయిమ్ చెల్లదు. అంతే ఉంది వాటిలో. నష్టం జరగలేదని రాయలేదు. సరుకు మాది కాదని రాయలేదు. లెక్క పెంచి చూపామని కూడా రాయలేదు. ఆలస్యం వల్ల మీ సంస్థకు ఏ ఇబ్బంది కలిగిందో ఒక్క మాట కూడా లేదు. మా వినతి మొత్తం ఆ రాయని మాట గురించే.

ఆలస్యం జరిగింది. దాన్ని మేము కాదనడం లేదు. ఆగస్టు 31 రాత్రి వాన, తెల్లారేసరికి బుడమేరు. ఒకటో తేదీ ఆదివారం పొద్దున్నే వీధిలోకి వచ్చిన నీళ్లు మధ్యాహ్నానికి షట్టర్ల మీదికి ఎక్కాయి. ఎగువన గండ్లు పూడ్చేసరికే 7వ తేదీ వచ్చింది. మా వీధిలో కాలు నేలకు ఆనింది 10వ తేదీన. పాలసీ కాగితాలు కొట్ల లోపలే ఉన్నాయి, నీళ్ల కింద. చాలామందికి బీమా ఉందని తెలుసుగాని ఏ కంపెనీదో తెలియదు, ఎందుకంటే మాకు పాలసీ అమ్మింది బ్యాంకే. 12వ తేదీన ఆరుగురు కలిసి బ్యాంకుకు వెళ్లి చెప్పారు. అక్కడి అధికారి పేర్లు రాసుకుని, పై వాళ్లకు పంపుతామన్నారు. మీకు చేరిపోయిందనే అనుకున్నాం. చేరలేదని 23న తెలిసింది, మర్నాడే మీ కార్యాలయానికి వచ్చాం. మీ తరఫున కమీషన్ తీసుకుని పాలసీ అమ్మే ఏజెంటుకు చెప్పడం మీకు చెప్పినట్టవుతుందా కాదా అన్నది వేరే వాదన. దాన్ని వదులుకోవడం లేదుగాని, ఇక్కడ దాని మీద ఆధారపడటం లేదు. 24వ తేదీనే మీకు మొదటిసారి తెలిసిందనుకుందాం.

మీరు ఉదహరించిన షరతులో మీరు ఎత్తి రాయని ముక్క ఒకటి ఉంది. పదిహేను రోజులు, లేదా కంపెనీ రాతపూర్వకంగా అనుమతించే మరికొంత గడువు. అంటే గడువు పెంచే అధికారం షరతులోనే మీ చేతికి ఇచ్చారు. ఆ అధికారాన్ని ఎప్పుడు వాడాలన్నది మీ ఇష్టానికే వదిలేయలేదు కూడా. బీమా నియంత్రణ సంస్థ 20-9-2011న అన్ని కంపెనీలకూ ఒక సర్క్యులర్ పంపింది. దాని సారం ఇది: గడువు షరతు విడిగా నిలబడేది కాదు, తిరుగులేనిదీ కాదు. ఆలస్యానికి కారణాలేమిటో తెలుసుకుని రికార్డులో రాయకుండా తిరస్కరించకూడదు. పైగా, సకాలంలో తెలిపి ఉన్నా ఈ క్లెయిమును ఎలాగూ తిరస్కరించేవాళ్లమని కంపెనీ తనకు తాను రూఢి చేసుకోవాలి. ఈ చివరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగమని కోరుతున్నాం. మేము సెప్టెంబరు 2నే చెప్పి ఉంటే మీరు క్లెయిమును తిరస్కరించేవారా? ఏ కారణం మీద? ఆ జవాబు మీ ఫైలులో ఉంటే మాకు చూపించండి. లేకపోతే తిరస్కరణకు ఆధారం లేదు.

తెలపడానికి గడువు ఎందుకు పెట్టారో మాకు తెలియక కాదు. ఆలస్యం కంపెనీ చేతులు నిజంగానే కట్టేసే సందర్భాలున్నాయి. నిప్పంటుకున్న గోడౌనును కడిగి సున్నం కొట్టాక చెబితే, మంట ఎక్కడ మొదలైందో ఎవరూ చెప్పలేరు. కారు ప్రమాదం నెల తర్వాత చెబితే డ్రైవరు తాగి ఉన్నాడా అన్నది తేలదు. ఎవరో మన మీద కోర్టుకు వెళితే, ఏకపక్షంగా తీర్పు వచ్చేదాకా కంపెనీకి చెప్పకపోతే, వాదించే అవకాశమే పోతుంది. వీటన్నిటిలో కంపెనీకి పోయినది చూపించగలిగే వస్తువు: ఒక సాక్ష్యం, ఒక పరీక్ష, ఒక వాయిదా. మా విషయంలో అలాంటిదేదో వేలు పెట్టి చూపమని అడుగుతున్నాం.

మొదట కారణం చూద్దాం. బుడమేరు వరదలో సింగ్‌నగర్ మునిగిందా లేదా అన్నది విచారించాల్సిన విషయం కాదు. లోకమంతా చూసింది. ఏ రోజు మునిగిందో, ఏ వీధుల్లో నీళ్లు ఎంతకాలం నిలిచాయో ప్రభుత్వ రికార్డుల్లో ఉంది. నష్టాల ఎన్యూమరేషన్‌కు వచ్చిన సిబ్బంది మా తొమ్మిది కొట్లకూ వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్లారు, మీ దగ్గరికి మేము రావడానికి ముందే. నష్టానికి కారణం వరదేనా అన్న ప్రశ్నకు సెప్టెంబరు 2న దొరికే జవాబే సెప్టెంబరు 24నా దొరికింది.

ఇక నష్టమెంత అన్నది. ఇక్కడే అసలు పని ఉంటుంది కాబట్టి మా తొమ్మిదింటిలో ఒక్క కొట్టును తీసుకుని మొత్తం చూపిస్తాం. బట్టల కొట్టు ఆవిడది. చీరలు, లంగా గుడ్డ, స్కూలు యూనిఫాం గుడ్డ.

మీరు పంపిన సర్వేయరు సెప్టెంబరు 27న వచ్చారు. ఆయన వచ్చేనాటికి కొట్టు గోడ మీద నీటి గీత చెక్కుచెదరకుండా ఉంది. పైన పసుపుపచ్చ రంగు, కింద బురద చారిక, మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు గీత. టేపు పెట్టి కొలిచారు. నేల నుంచి నాలుగడుగుల పది అంగుళాలు. ఆ గీతకు పైన ఉన్న రెండు అరల సరుకు పొడిగా ఉంది. కింది అరల సరుకులో చాలా భాగాన్ని ఆవిడ పారేయలేదు. నీళ్లు తీశాక ఆరేయగలిగింది మేడ మీద ఆరేసింది, రంగు దిగినవాటిని, ముద్దైనవాటిని మూటలు కట్టి వెనక గదిలో పెట్టింది. సర్వేయరు ఒక్కో మూటా విప్పించి లెక్కపెట్టారు. ఒక మూటలో ఆకుపచ్చ అంచు రంగు తెల్ల చీరంతా పాకి, బూజు చుక్కలు పట్టి ఉంటే, ఆయన దాన్ని వెలుగులోకి పట్టి చూసి, పనికిరాదని తనే రాసుకున్నారు. లెక్క చివర ఇద్దరూ సంతకాలు చేసిన కాగితం నకలు మా దగ్గర ఉంది, జతపరిచాం.

సరుకు ఎంతుండాలో కాగితాలు చెబుతాయి. మార్చి 31 నాటి నిల్వ 5,40,000 రూపాయలు. ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు కొన్నది 4,10,000. అమ్మకాలు 5,00,000, అందులో ఐదో వంతు లాభం తీసేస్తే అమ్మిన సరుకు అసలు ధర 4,00,000. కూడి తీసేస్తే వరద నాటికి కొట్టులో 5,50,000 రూపాయల సరుకు ఉండాలి. పాలసీ 6,00,000కు ఉంది కాబట్టి తక్కువ బీమా అన్న కోత కూడా రాదు. ఈ అంకెల్ని వరద తర్వాత అల్లడం కుదరదు. కొనుగోళ్లకు సూరత్ బిల్లులు, ట్రాన్స్‌పోర్టు రసీదులు, బ్యాంకు చెల్లింపులు ఉన్నాయి. జూలై నెల స్టాక్ స్టేట్‌మెంటు ఆగస్టు మొదటి వారంలోనే బ్యాంకుకు ఇచ్చాం, అందులో 5,65,000 అని ఉంది. వాన పడకముందు రాసిన అంకె అది.

5,50,000లో పొడిగా మిగిలిన పై అరల సరుకు 90,000. నీళ్లలో ఉండాల్సింది 4,60,000. సర్వేయరు కళ్లతో చూసి లెక్కపెట్టినది 4,32,000. తేడా 28,000. నీళ్లు తీశాక మొదటి రెండు రోజుల్లో కొన్ని కుళ్లిన మూటలు చెత్త లారీలో వెళ్లిపోయాయి. వాటిని మీరు చూడలేకపోయారు. చూడకపోవడానికి మేము ఆలస్యంగా చెప్పడం ఒక కారణమే. అందుకే ఆ 28,000 మేము అడగడం లేదు. మా ఆలస్యం వల్ల మీకు జరిగిన నష్టానికి లెక్క కట్టమంటే, అందులో ఒక భాగం మేమే కట్టి ఇస్తున్నాం.

ఇంకొక భాగం ఉంది, దాన్ని మీరు ఎత్తకపోయినా మేమే ఎత్తుతున్నాం. తడిసిన బట్టకు మిగిలే విలువ రోజురోజుకూ తగ్గుతుంది. సర్వేయరు ఆ మూటలకు నూటికి పదిహేను వంతున విలువ కట్టారు. పదో తేదీనే మీరు వచ్చి ఉంటే, బూజు పట్టకముందే వేలం వేసి, నూటికి పాతిక రాబట్టేవాళ్లమని మీరు అనవచ్చు. నిజం చెప్పాలంటే అది కూడా ఊహే. తొమ్మిది రోజులు బురద నీళ్లలో నానిన గుడ్డకు పదో తేదీన ఎవరు ఎంతిచ్చేవారో మాకు తెలియదు. అయినా మీ మాటే తీసుకుందాం. నూటికి పదిహేను లెక్కన మిగులు విలువ 64,800 తీసేస్తే 3,67,200. వరద నష్టాలకు మీరు మినహాయించే ఐదు శాతం, అంటే 18,360 తీసేస్తే ఆవిడకు రావాల్సింది 3,48,840. నూటికి పాతిక లెక్కన అయితే 1,08,000 తీసి, ఐదు శాతం 16,200 తీసి, 3,07,800. రెండిటికీ తేడా 41,040 రూపాయలు.

అంటే ఆలస్యం మీద మీరు చేయగలిగిన గట్టి వాదన విలువ నలభై ఒక్క వేలు. దాని కోసం మూడు లక్షల నలభై ఎనిమిది వేలు ఆపేశారు. నలభై ఒక్క వేలు కోయండి, మేము వాదిస్తామో ఒప్పుకుంటామో అప్పుడు చూద్దాం. మొత్తం ఆపడానికి మాత్రం ఈ లెక్కలో ఎక్కడా చోటు లేదు.

పిండి మర సంగతి కొంచెం వేరు. మోటారు నీళ్లలో మునిగింది. సెప్టెంబరు 13న యజమాని దాన్ని విప్పించి వైండింగుకు ఇచ్చాడు, మీకు చెప్పకముందే. మర ఆడకపోతే ఆ ఇంట్లో పూట గడవదు. సర్వేయరు వచ్చేసరికి మోటారు మళ్లీ తిరుగుతోంది, కాబట్టి మునిగిన మోటారును ఆయన చూడలేదు. ఇది వినడానికి మీకు అనుకూలంగానే ఉంటుంది. కానీ వైండింగు షాపు వాడు పాత రాగి తీగ తిరిగి ఇచ్చాడు, అది అలాగే ఉంది. బిల్లు మీద మోటారు నంబరు, హార్స్‌పవరు రాసి ఉన్నాయి. సర్వేయరు మోటారు ప్లేటు మీది నంబరుతో సరిచూసుకున్నారు. బేరింగుల గూట్లో ఇంకా మట్టి ఉందని ఆయనే చూపించారు. మోటారును ఆయన ముందే విప్పినా తెలిసేది ఇంతే.

కిరాణా కొట్టు విషయంలో మేము అంత గట్టిగా మాట్లాడలేం. బియ్యం, పిండి, పప్పులు నాలుగో రోజుకే పులిసి కంపు కొట్టాయి. నీళ్లు తీయగానే మున్సిపాలిటీ వాళ్లు ఎత్తుకుపోయారు. ఫోన్లో తీసిన ఫొటోలు రెండే ఉన్నాయి. అక్కడ మీకు నిజంగానే చూసే అవకాశం పోయింది. పది రోజులు ముందు చెప్పి ఉన్నా ఆ సరుకు నిలబడేది కాదన్నది మా వాదన. నీళ్లు తీయకముందు సర్వేయరు లోపలికి రాలేడు, తీశాక సరుకు ఒక్క రోజు కూడా ఉండదు. కానీ ఎంత సరుకన్నది తేలదన్న మీ అభ్యంతరం సబబే. అందుకే ఆ ఒక్క కొట్టుకు యజమాని చెప్పిన మొత్తాన్ని కాక, టోకు వ్యాపారి ఆగస్టు బిల్లులు, ఎన్యూమరేషన్ కాగితం రెండూ కలిసి ఒప్పే మేరకే అడుగుతున్నాం. అది క్లెయిమ్ చేసినదాంట్లో సగం కంటే కొంచెం తక్కువ. తొమ్మిదింటినీ ఒకే అచ్చులో తిరస్కరించారు గనుక చెబుతున్నాం, తొమ్మిదింట్లో ఆలస్యం చేసిన చేటు ఒకలాంటిది కాదు. దేనికదే చూడకుండా అది ఎవరికీ తెలియదు.

కోర్టులు ఏమన్నాయో మీ న్యాయ విభాగానికి మాకంటే బాగా తెలుసు. రెండు పక్షాలూ చెబుతాం. 2017 అక్టోబరు 4న ఓంప్రకాశ్ కేసులో సుప్రీంకోర్టు ముందున్నది దొంగతనం జరిగిన ఎనిమిది రోజుల తర్వాత కంపెనీకి తెలిపిన లారీ క్లెయిమ్. దర్యాప్తులో నిజమని తేలిన క్లెయిమును ఆలస్యమన్న సాంకేతిక కారణంతో కొట్టేయడం సరికాదంది కోర్టు. 2020 జనవరి 24న గుర్షిందర్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు చూసింది ట్రాక్టరు దొంగతనం. పోలీసులకు అదే రోజు చెప్పాడు, కంపెనీకి 52 రోజుల తర్వాత చెప్పాడు. అతనికే అనుకూలంగా తీర్పు వచ్చింది. దొంగతనంలో వెంటనే చెప్పాల్సింది పోలీసులకు, బండి దొరికే అవకాశం వాళ్ల చేతిలోనే ఉంటుంది, కంపెనీకి కొంత ఆలస్యంగా చెబితే ఆ అవకాశం చెడదు అన్నది ఆ తీర్పులోని తర్కం. మా వరదలో దొంగను వెతికే పోలీసు లేడు, కానీ నష్టాన్ని స్వతంత్రంగా నమోదు చేసిన ప్రభుత్వ సిబ్బంది ఉన్నారు, అది కూడా మీకు చెప్పకముందే.

ఎదురు తీర్పూ ఉంది. 2018లో సోనెల్ క్లాక్స్ కేసు. అదీ వరద నష్టమే, అదీ అలాంటి షరతే. కంపెనీ సర్వేయరును పంపినంత మాత్రాన ఆలస్యాన్ని క్షమించినట్టు కాదని కోర్టు చెప్పింది, పాలసీదారుడు ఓడిపోయాడు. మీ జవాబులో ఇది వస్తుందని మాకు తెలుసు. అక్కడ కంపెనీకి చెప్పింది దాదాపు నాలుగు నెలల తర్వాత. అంతకంటే ముఖ్యం, మేము ఆ వాదన చేయడం లేదు. మీరు సర్వేయరును పంపారు కాబట్టి హక్కు వదులుకున్నారని మేము అనడం లేదు. పంపిన సర్వేయరు కిరాణా కొట్టులో తప్ప దాదాపు అన్నీ చూడగలిగారని, గోడ మీద గీత కొలిచారని, మూటలు లెక్కపెట్టారని, అందువల్ల చూడలేకపోయామనే వాదన మీకు మిగల్లేదని అంటున్నాం. రెండూ వేరు వేరు మాటలు.

కాబట్టి మా కోరికలు ఇవి. డిసెంబరు 4 ఉత్తరాలను రద్దు చేసి తొమ్మిది క్లెయిములనూ తిరిగి తెరవండి. సర్వేయరు నివేదికల నకళ్లు మాకు ఇవ్వండి. ఆయన అంకెలు మా అంకెలతో ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ కలవవో అప్పుడే తేలుతుంది. ఏ కొట్టు విషయంలోనైనా ఆలస్యం మీకు చేటు చేసిందని ఇంకా అనుకుంటే, ఆ చేటు ఏమిటో ఒక వాక్యంలో, ఎంతో ఒక అంకెలో రాయండి. అంతవరకే తీసి, మిగతాది చెల్లించండి. బట్టల కొట్టుకు మా లెక్క 3,48,840; మీ లెక్క వేరైతే చూపించండి. డబ్బు ముందుగా బ్యాంకు అప్పు ఖాతాకే వెళుతుందని మాకు తెలుసు, దానికి అభ్యంతరం లేదు. సెప్టెంబరు నుంచి ఆ అప్పు మీద వడ్డీ నడుస్తోంది, అది కూడా గుర్తుపెట్టుకోండి.

ఈ పత్రం అందిన నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినా అందులో మళ్లీ పదిహేను రోజుల మాటే ఉన్నా, హైదరాబాదులోని ఇన్సూరెన్స్ ఓంబుడ్స్‌మన్ దగ్గరికి తొమ్మిది ఫిర్యాదులు విడివిడిగా వెళతాయి. ఒకే ఫిర్యాదుగా పెట్టం, ఎందుకంటే కిరాణా కొట్టు బలహీనత మిగతా ఎనిమిదింటికీ అంటడం మాకు ఇష్టం లేదు.

చివరగా ఒక చిన్న విషయం. బట్టల కొట్టు వెనక గదిలో ఆ మూటలు ఇంకా అలాగే ఉన్నాయి. సర్వేయరు ముద్ర వేసిన తాళ్లు విప్పలేదు. ఇంటి ఓనరు గది ఖాళీ చేయమంటున్నాడు, వాసన పక్క వాటాలోకి వస్తోందని. మీరు మరోసారి చూడాలనుకుంటే ఈ నెలాఖరులోగా ఎవరినైనా పంపండి, తేదీ ముందుగా చెబితే తాళం తీసి ఉంచుతాం. చూడనక్కర్లేదంటే ఆ మాటా రాసి ఇవ్వండి, పాత బట్టల వాడికి వేసేస్తాం. రేపు సరుకు చూసే అవకాశం ఇవ్వలేదని మరో ఉత్తరం రాకుండా.

ఇట్లు,
కింద సంతకాలు చేసిన తొమ్మిది దుకాణాల యజమానులు,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ

జతపరిచినవి: తిరస్కరణ ఉత్తరాల నకళ్లు, సర్వేయరు, యజమాని ఇద్దరూ సంతకాలు చేసిన సరుకు లెక్క, కొనుగోలు బిల్లులు, జూలై స్టాక్ స్టేట్‌మెంటు, మోటారు వైండింగు బిల్లు, ఎన్యూమరేషన్ కాగితాలు, గోడ మీద నీటి గీత ఫొటోలు.